వంకర కుంటలో నీళ్లెన్ని? ఫోటో చెప్పేది సగమే

ప్రశ్న: బెంగళూరులో సర్జాపూర్ రోడ్ వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంట్ వెనకాల ఒక కుంట ఉంది, ఆకారం జీడిపప్పులా వంకరగా ఉంటుంది. 12వ అంతస్తు టెర్రస్ మీద నుంచి ఫోటో తీశాను. పొడవు 70 మీటర్లు, వెడల్పు 60 ఉండొచ్చు, సగటు లోతు 2 మీటర్లు అంటున్నారు. అంటే 84 లక్షల లీటర్లేనా? నీళ్లు బాగుచేసే కాంట్రాక్టర్ లక్ష లీటర్లకు ఇంత అని కొటేషన్ ఇచ్చాడు, కమిటీవాళ్లు లెక్క తేల్చమని నా నెత్తిన పెట్టారు.

సమాధానం:

84 లక్షలు ఉండవు తమ్ముడూ, అందులో సగం ఉన్నా గొప్పే. నేను చిన్ననీటి చెరువుల సర్వేలో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు హొరమావులో అమ్మాయి దగ్గర ఉంటున్నాను, రెండేళ్ల క్రితం సరిగ్గా ఇలాంటి పంచాయితీయే మా లేఅవుట్‌లోనూ నడిచింది. మాకు వచ్చిన కాంట్రాక్టర్ కూడా 2 మీటర్లే అన్నాడు. ఆ 2 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే వాచ్‌మన్ చెప్పాడన్నాడు. వాచ్‌మన్‌ని అడిగితే "మనిషి మునుగుతాడు సార్, పోయినేడాది చూశాం" అన్నాడు. మనిషి మునిగింది ఒక్కచోట, కట్ట దగ్గర. అది గరిష్ఠ లోతు. సగటు లోతని నోటికి వచ్చే అంకెల్లో పదికి తొమ్మిది ఇలాంటివే. నీ లెక్కలో పెద్ద బొక్క అక్కడే ఉంది, ఫోటోలో కాదు. అయినా ఫోటో సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందులోనూ ఒక గుంట ఉంది.

పొడవు ఇంటూ వెడల్పు అంటే జీడిపప్పు చుట్టూ గీసిన పెట్టె విస్తీర్ణం. జీడిపప్పు ఆ పెట్టె మొత్తం నిండదుగా. ఇది అందరికీ తెలుసు, అందుకే కొందరు ఫోటో ప్రింట్ తీసి మీద గళ్లు గీసి, నీళ్లు పడిన గళ్లు లెక్కపెడతారు. పద్ధతి మంచిదే, నేరుగా పైనుంచి తీసిన ఫోటో అయితే. టెర్రస్ ఫోటో ఏటవాలుది. దగ్గరి ఒడ్డు పెద్దగా, దూరపు ఒడ్డు చిన్నగా పడుతుంది, గళ్లు మాత్రం అన్నీ ఒకే సైజు.

ఎంత తేడా వస్తుందో మా ఫోటోలోనే చూపిస్తాను. కెమెరా నీటి మట్టానికి 36 మీటర్ల పైన ఉంది, దగ్గరి ఒడ్డు బిల్డింగ్ నుంచి 40 మీటర్లు, దూరపు ఒడ్డు సుమారు 107 మీటర్లు. దగ్గరి ఒడ్డున 10 మీటర్ల అడ్డ కొలత ఫోటోలో 575 పిక్సెళ్లు వచ్చింది, దూరపు ఒడ్డున అదే 10 మీటర్లు 270 మాత్రమే. సగం కంటే తక్కువ అన్నమాట. "అయితే విస్తీర్ణం నాలుగో వంతు అవుతుంది, సరిచేసుకుంటాలే" అనుకుంటావు, కానీ అంతకన్నా ఘోరం. అడ్డంగా ఉన్న కొలత దూరాన్ని బట్టి తగ్గుతుంది, మనకు ఎదురుగా దూరంగా పోయే కొలత దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది, రెండూ కలిస్తే విస్తీర్ణం దూరం ఘనాన్ని బట్టి కుంచించుకుపోతుంది. 270ని 575తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి చూడు, 0.1 వస్తుంది. అంటే దూరపు ఒడ్డున ఒక చదరపు మీటరు నీళ్లకు ఫోటోలో దక్కే చోటు దగ్గరి ఒడ్డున దక్కేదాంట్లో పదో వంతు. గళ్లు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ చచ్చిపోతుంది. దగ్గర ఒకటి, దూరంగా ఒకటి, రెండు స్కేళ్లు తీసుకుని సగటు చేయడం కూడా పనికిరాదు, చాలామంది చేసేది అదే.

దీనికి సులువైన దారి గూగుల్ ఎర్త్ ప్రో. Ruler తెరిచి Polygon ట్యాబ్‌లో ఒడ్డు వెంబడి ఒక 30, 40 చోట్ల క్లిక్ చేసుకుంటూ పోతే విస్తీర్ణం అదే చెబుతుంది. కాకపోతే ఆ చిత్రం ఎప్పుడు తీశారో కింద Imagery Date చూడాలి. వర్షాలు అయ్యాక అక్టోబర్‌లో తీసిన చిత్రం పట్టుకుని ఏప్రిల్ నీళ్లు లెక్కకడితే నవ్వులపాలే. మన ఊళ్లో కుంటల నీటి అంచు ఎండాకాలంలో తోక వైపు పది పదిహేను మీటర్లు వెనక్కి పోవడం మామూలే.

అందుకే నీ టెర్రస్ ఫోటో వృథా కాదు, ఇవాళ్టి నీటి అంచు ఎక్కడుందో చెప్పేది అదొక్కటే. చేయాల్సిందల్లా దాన్ని చదును చేయడం. ఉపగ్రహ చిత్రంలోనూ నీ ఫోటోలోనూ రెండిట్లో స్పష్టంగా కనిపించే నాలుగు గుర్తులు పట్టుకో. కుంట చుట్టూ నాలుగు మూలలా ఉండాలి. మాకు దొరికినవి నిమజ్జనం మెట్ల మూల, కంచె మలుపు దగ్గర రాయి, కాలువ వచ్చి కలిసేచోట కల్వర్టు అంచు, పంపు గది పునాది మూల. వాటి మధ్య దూరాలు ఎర్త్‌లో కొలిచి, కుదిరిన చోట టేపు పట్టి సరిచూసుకున్నాం. మెట్ల మూలని సున్నా అనుకుని మిగతావాటికి మీటర్లలో స్థానాలు రాసుకున్నాక, మా అల్లుడు ఈ నాలుగు ముక్కలు రాసిచ్చాడు:

```python
import numpy as np, cv2

photo  = np.float32([[332,2247],[3605,2132],[2832,966],[1330,1005]])
ground = np.float32([[0,0],[58.4,3.1],[61.0,71.5],[4.2,66.8]])
H = cv2.getPerspectiveTransform(photo, ground)

edge = np.loadtxt("edge.txt", dtype=np.float32).reshape(-1,1,2)
p = cv2.perspectiveTransform(edge, H).reshape(-1,2)
x, y = p[:,0], p[:,1]
print(0.5*abs(np.dot(x, np.roll(y,-1)) - np.dot(y, np.roll(x,-1))))
```

`photo`లో ఉన్నవి ఆ నాలుగు గుర్తులు ఫోటోలో పడిన పిక్సెల్ స్థానాలు, `ground`లో అదే వరుసలో నేల మీద మీటర్లు. వరుస తప్పితే మొత్తం తారుమారవుతుంది. `edge.txt`లో నీటి అంచు వెంట ఒడ్డు తిరుగుతూ పోయినట్టు ఒక్కో లైనుకు రెండంకెలు. అవి పెయింట్‌లో కర్సర్ పెట్టి చూసి రాసుకున్నా చాలు, 40 బిందువులకు అరగంట పట్టదు. మాకు వచ్చిన విస్తీర్ణం 3,150 చదరపు మీటర్లు.

మొదటిసారి నేను చేసిన తప్పు కూడా చెబుతాను. పంపు గది పునాది చెట్టు చాటున సరిగ్గా కనపడలేదని, దాని పైకప్పు మూలని గుర్తుగా పెట్టేశాను. మూడు మీటర్ల ఎత్తే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. 36 మీటర్ల ఎత్తు నుంచి చూస్తుంటే 107 మీటర్ల దూరంలో మూడు మీటర్ల గది పైకప్పు నేల మీద ఎక్కడున్నట్టు కనిపిస్తుందో తెలుసా? అసలు చోటుకి దాదాపు 10 మీటర్లు అవతల. ముప్పై ఏళ్లు థియొడొలైట్ పట్టినవాణ్ణి, సిగ్గుపడ్డాను. నాలుగు గుర్తులూ నీటి మట్టంలోనో దానికి బాగా దగ్గరగానో ఉండాలి. స్తంభం తల, గోడ పైభాగం, చెట్టు కొమ్మ, ఏవీ కుదరవు. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే ఐదో గుర్తు ఒకటి పక్కన పెట్టుకో, దాన్ని లెక్కలో కలపొద్దు. లెక్క అయ్యాక దాని పిక్సెల్ ఇచ్చి అది నేల మీద ఎక్కడ పడుతుందో చూడు. ఒక మీటరు లోపల పడితే బాగున్నట్టు, నాకు మొదటిసారి నాలుగు మీటర్లు తప్పి పడింది, అప్పుడే అనుమానం వచ్చింది. ఇంకొక్క మాట, ఫోన్‌లో 0.6 అని ఉండే వైడ్ కెమెరాతో తీయకు, అంచుల్లో గీతలు వంగిపోతాయి. మామూలు 1x తో, మొత్తం కుంట ఒకే ఫోటోలో పడేలా తియ్యి.

జమ్ము పెరిగిన చోట నీటి అంచు ఎక్కడో తెలియదు, దాని గురించి ఎక్కువ టెన్షన్ పడకు. జమ్ము ఉండేది జానెడు, మూరెడు లోతు నీళ్లలో. ఆ చోటు 200 చదరపు మీటర్లు అటూ ఇటూ అయినా, అక్కడి లోతు 20 సెంటీమీటర్లే కాబట్టి తేడా 40 ఘనపు మీటర్లు, అంటే 40 వేల లీటర్లు. లక్షల్లో లెక్కేస్తున్నప్పుడు అదొక లెక్కే కాదు.

ఇక లోతు. అసలు ఆట ఇక్కడ.

బెంగళూరు చుట్టుపక్కల పాత చెరువులు, కుంటలు అన్నీ దాదాపు ఒకే రకం. పల్లానికి అడ్డంగా మట్టి కట్ట వేసి పైనుంచి వచ్చే నీళ్లని ఆపినవి. అలుగు మీద పొర్లిన నీళ్లు కింది చెరువుకి పోతాయి, మన రాయలసీమ గొలుసు చెరువుల్లాగే. ఇలాంటి వాటి అడుగు గిన్నెలా ఉండదు, కట్ట దగ్గర లోతుగా ఉండి ఎగువకి పోయేకొద్దీ చాటలా పైకి లేస్తుంది. అడ్డంగా చూసినా రెండు పక్కలా పైకి లేచి ఉంటుంది. అందుకే కట్ట దగ్గరి గరిష్ఠ లోతుని 0.4తో గుణిస్తే సగటు లోతుకి దగ్గరగా వస్తుంది, చిన్న కట్టలకి ఇంజినీర్లు మొదటి అంచనాగా వాడే గుణకం ఇదే. నీ 2 మీటర్లు నిజానికి గరిష్ఠమైతే సగటు 0.8. పొక్లెయిన్ పెట్టి నిటారు గోడల్తో, చదును అడుగుతో తవ్విన గుంట అయితే మాత్రం 0.7, 0.8 దాకా పోవచ్చు. ఈమధ్య పూడిక తీసి చుట్టూ వాకింగ్ ట్రాక్ కట్ట వేసిన చెరువులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. నీ కుంట ఏ రకమో ముందు తేల్చుకో. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు తీసిన ఫోటో పాత కాపురస్తుల దగ్గర ఉంటే అడుగు, దాని ముందు నా మాటలు దండగ.

మేం గుణకంతో సరిపెట్టకుండా కొలిచాం, డబ్బు గొడవ కాబట్టి. కుంట చూసుకునేవాళ్ల అనుమతి అడిగి, చేపలు పట్టే అతని తెప్ప మాట్లాడుకున్నాం. లైఫ్ జాకెట్లు వేసుకుని ఇద్దరు ఎక్కారు, ఒడ్డున ఇద్దరు తాడు పట్టుకున్నారు. తాడుకి 8 మీటర్లకొకటి ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. తాడుని కట్టకు సమాంతరంగా ఒడ్డు నుంచి ఒడ్డుకి లాగి, పీలిక ఉన్న ప్రతిచోటా లోతు చూశాం. లోతు కొలవడానికి రాయి కట్టిన తాడు వద్దు. మా కుంటలో రాయి బురదలో ఇంకో అడుగు దిగిపోయింది, పైన ఉన్నవాడికి అది నీళ్ల లోతనే అనిపిస్తుంది. మూడు మీటర్ల పీవీసీ పైపుకి పది సెంటీమీటర్లకో గీత గీసి, కింద కొసకి పెద్ద డబ్బా మూత ఒకటి బిగించాం. అది బురద మీద ఆగుతుంది, చేతికి తెలుస్తుంది.

కట్టకు దగ్గరి వరసలో, 56 మీటర్ల వెడల్పున, ఆరు చోట్ల ఇలా వచ్చింది: 0.7, 1.4, 1.9, 2.0, 1.5, 0.8. మధ్య వరస 48 మీటర్లు, ఐదు చోట్ల 0.5, 1.1, 1.3, 1.0, 0.4. తోక వైపు వరస 32 మీటర్లు, మూడు చోట్ల 0.3, 0.5, 0.3. మొత్తం 14 కొలతలు, కూడితే 13.7.

ఇప్పుడు 13.7ని 14తో భాగించబోయావా? ఆగు. ప్రతి వరసకీ రెండు కొసల్లో ఒడ్డు ఉంది, అక్కడ లోతు సున్నా. ఆ సున్నాలు లెక్కలోకి రాకపోతే సగటు పెరిగిపోతుంది. ఆరు చోట్ల కొలిచిన వరసలో ఖాళీలు ఏడు, అంటే వరసకి ఒకటి చొప్పున కలుపుకుని 14కి 3 కలిపి 17తో భాగించాలి. 0.806 వచ్చింది, 0.8 అనుకో. అన్ని వరసల్లోనూ పీలికల దూరం 8 మీటర్లే కాబట్టి ఇలా నేరుగా కూడి భాగించడం చెల్లింది. ఒక్కో వరసలో ఒక్కో దూరం పెడితే ఏ వరస సగటు ఆ వరసకి తీసి, వరస పొడవుని బట్టి బరువు ఇవ్వాలి. అందుకే దూరం మార్చకు, పని సులువవుతుంది.

కాబట్టి 3,150 ఇంటూ 0.8, అంటే 2,520 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి వెయ్యి లీటర్లు, వంద ఘనపు మీటర్లకి లక్ష లీటర్లు, కాబట్టి 25 లక్షల చిల్లర. కాంట్రాక్టర్ 2 మీటర్ల లెక్కన ఇదే విస్తీర్ణానికి 63 లక్షలు అవుతుంది, రెండున్నర రెట్లు. బిల్లు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, కొటేషన్‌లో సున్నం కూడా ఉంది. రెండున్నర రెట్లు సున్నం పడితే నీళ్ల పీహెచ్ ఎగబాకుతుంది, అప్పటికే మురుగు కలిసిన కుంటలో ఉన్న అమ్మోనియా ఆ పీహెచ్‌లో విషంగా మారుతుంది, తెల్లారేసరికి చేపలు తేలతాయి.

25 లక్షలు కరెక్టా అంటే, 22 నుంచి 28 మధ్య అని కమిటీకి రాసిచ్చాను. లోతు సగటులో పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయితేనే పన్నెండు శాతం పైన తేడా. ఫోటో స్కేల్‌లో ఐదు శాతం తప్పు వస్తే విస్తీర్ణంలో పది శాతం అవుతుంది, అక్కడ ఐదో గుర్తు సరిగ్గా పడింది కాబట్టి మా తప్పు అంత లేదనే ధైర్యం ఉంది. ఎవరైనా "25,20,348 లీటర్లు" అని రాసిస్తే మాత్రం ఆ కాగితం నమ్మకు, అది క్యాలిక్యులేటర్ చెప్పిన అంకె, కుంట చెప్పింది కాదు.

ఫోటో తీసిన రోజూ కొలత తీసిన రోజూ నీటి మట్టం ఒకటేనా అన్నది కూడా చూసుకో. ఎండాకాలం ఆవిరికే రోజుకు ఐదారు మిల్లీమీటర్లు పోతుంది, ఇంకుడు వేరు, నెల గ్యాప్ వస్తే జానెడు తగ్గినట్టే. ఫోటో తీసిన రోజే నీళ్లు తాకిన మెట్టు మీద పెయింట్‌తో ఒక గీత పెట్టేస్తే తర్వాత ఎప్పుడు కొలిచినా దాంతో సరిపోల్చుకోవచ్చు.

మట్టం తగ్గినప్పుడు నీళ్లు ఎంత తగ్గుతాయన్నదీ చాలామంది తప్పు లెక్కేస్తారు. 2 మీటర్లలో 30 సెంటీమీటర్లు తగ్గితే 15 శాతం పోయిందనుకుంటారు. పోయేది పైపొర, అంటే కుంట వెడల్పుగా ఉన్న భాగం. మా కుంటలో ఆ పొర సగటు విస్తీర్ణం 2,800 చదరపు మీటర్లు, దాన్ని 0.3తో గుణిస్తే 840 ఘనపు మీటర్లు, మూడో వంతు నీళ్లు. అందుకే మా నిమజ్జనం మెట్ల మీద ఇప్పుడు మూడు గీతలున్నాయి. పై గీత దగ్గర 25 లక్షలు, 30 సెంటీమీటర్లు కింద 17, ఇంకో 30 కింద 10. కట్ట దగ్గర 1.4 మీటర్లు నీళ్లు ఇంకా కనపడుతూనే ఉంటాయి, చూసేవాడికి కుంట నిండుగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లోపల మాత్రం సగం కూడా ఉండవు. మందు వేసే రోజు పొద్దున సెక్యూరిటీ అతను ఏ గీత దగ్గర ఉందో చూసి గ్రూపులో పెడతాడు, కాంట్రాక్టర్ ఆ అంకెకే బస్తాలు దించుతాడు.